వనపర్తి అమ్మాయి చేసిన వీడియో

గద్వాల బస్టాండు దగ్గర మాదొక చిన్న దుకాణం. ముందు భాగంలో మా ఆయన ఫ్లెక్సీలు, స్టిక్కర్లు చూసుకుంటాడు. వెనక గదిలో కంప్యూటరు ముందు నేను కూర్చుంటాను. పెండ్లి పిలుపులు, పుట్టువెంట్రుకల పిలుపులు, బతుకమ్మకూ దసరాకూ శుభాకాంక్షలు, ఇట్లా ఫోన్లలో పంపుకునే కార్డులూ వీడియోలూ చేస్తాను. ఈ పనిలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్లు లేరని నలుగురూ అనేవాళ్లు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

పోయిన ఎండాకాలంలో ఇటిక్యాల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పత్తి విత్తనాల సాగు చేసే మనిషి; పూతకాలంలో మగ పువ్వును ఆడ పువ్వుకు రుద్ది క్రాసింగ్ చేస్తారు. చిన్న కూతురి పెండ్లి. వెంట పెద్ద కూతురు కూడా వచ్చింది, పిలుపుల పని అంతా ఆమెదే. నా పద్ధతి వాళ్లకు ముందే చెప్పాను. రెండు సార్లు మార్పులు ఊరికే చేస్తాను, ఆ తర్వాత ప్రతి మార్పుకూ డబ్బు. ఒకటి రెండు రోజుల్లో కావాలంటే ధర మీద సగం అదనం. పేర్లూ ముహూర్తమూ సరిచూసి వాట్సాప్‌లో ఓకే పెట్టాకే వీడియో బయటికి తీస్తాను.

ఓకే పెట్టారు. మరునాడే పెదనాన్న పేరు తండ్రి పేరుకన్నా కింద ఉందని ఇంట్లో అలక. మార్చాను. పెండ్లికొడుకు చదువు తప్పు పడిందన్నారు. మార్చాను. మూడోసారి మేనమామల పేర్లు కలపమన్నప్పుడు డబ్బు అడిగాను. రైతు ఇచ్చాడు కానీ, పెద్ద కూతురు ముఖం ముడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే పెండ్లికొడుకు వాళ్ల వీడియో పెండ్లికూతురు వాళ్ల గ్రూపులోకి వచ్చింది. వనపర్తిలో ఎవరో అమ్మాయి చేసిందట. పెద్ద కూతురు నాకూ పంపింది.

నా వీడియోల్లో మొదట వినాయకుడు బంగారు పొడిలోంచి బయటికి వస్తాడు, వెనక సన్నాయి మోగుతుంది. ఇందులో అదేమీ లేదు. చాటలో బియ్యం ఏరుతున్న రెండు చేతులు కనబడతాయి. పెండ్లికొడుకు తల్లి గొంతు వినబడుతుంది. "మా పిలగాని లగ్గం. రాత్రి లగ్గమని పిల్లలను ఇంట్ల ఇడిసి రాకుండ్రి. పండుకోనీకె జాగ జూసినం. అందరు రాండ్రి." ఆ తర్వాతే పేర్లూ ముహూర్తమూ వస్తాయి. అంతే.

ఇన్నేండ్లలో ఒక్క తల్లి గొంతు కూడా వినిపించాలని నాకు ఎందుకు తోచలేదు? మా ఆయన చూసి, మంచిగ చేసిందే అన్నాడు. ఆ రోజు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

పెద్ద కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మనది గుడ గట్లనే గావాలె. రేపు సాయంత్రానికి." కొత్త వీడియో అవుతుందనీ, ఒక్క రోజులో అంటే సగం అదనమనీ చెప్పాను. ఆమె అంది: "ఆమె మార్పులకు ఒక్క రూపాయి తీస్కోలేదంట అక్కా." ఆ మాట ముల్లులా దిగింది. చివరికి ఒప్పుకుంది. నాన్నను దుకాణానికి పంపింది.

నాలుగు వాక్యాలు రాసి ఆయన చేతికిచ్చి చదవమన్నాను. పాపం, ఆయన లేచి నిలబడి, సభలో ఉపన్యాసం చదివినట్టు చదివాడు. ఎన్నిసార్లు చదివించినా అంతే. రేపు పొద్దున మళ్లీ చూద్దామని పంపేశాను.

ఆ అమ్మాయి ఎట్లా చేసిందో పట్టుకోవాలని ఆమె వీడియో మళ్లీ పెట్టుకున్నాను. ఆపుతూ, వెనక్కి జరుపుతూ ఒక్కొక్క అక్షరం చూశాను. ఎక్కడైనా ఒత్తు విరిగిందేమో, దీర్ఘం పోయిందేమో అని. ముహూర్తం దగ్గర ఆగిపోయాను. "శుక్రవారం రాత్రి 3 గంటలకు" అని ఉంది.

నా దగ్గర లగ్నపత్రిక ఫోటో ఉంది. అందులో అయ్యగారు రాసింది "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం". ఆమె పెట్టినట్టు చదివితే, అబ్బాయి తరఫు చుట్టాలు పెండ్లి అయిపోయాక, మర్నాటి రాత్రి దిగుతారు.

అంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు. వీడియో చివర ఉన్న నంబరుకు వెంటనే ఫోన్ చేశాను. నేను ఎవరో చెప్పి, తప్పు ఎక్కడుందో చెప్పాను. ఆమె సాకులు చెబితే గట్టిగా అనాలని మాటలు కూడా కూర్చుకున్నాను.

పత్రికలో ఏముందో ఆమె నాతో మళ్లీ చదివించుకుంది. తర్వాత అంది: "అవునక్కా. వాళ్లు గట్లనే టైపు జేసి పంపిన్రు. పత్రిక ఫోటో అడిగి సూడాల్సింది నేను. సూడలే. తప్పు నాదే. ఇప్పుడే మారుస్త."

ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు. "మార్పులకు పైసలు తీస్కోవంట గద," అన్నాను.

ఆమె నవ్వింది. "ముందుగాలనే కలిపి చెప్త అక్కా. పెండ్లన్నంక మార్పులు రాకుండ ఉంటయా? నడుమల అడిగితే మనసు ఖరాబ్ చేస్కుంటరు." తాను తీసుకునే ధర చెప్పింది. నేను అదనాలన్నీ కలిపి అడిగేదానికన్నా ఎక్కువే. అగ్గువకు చేస్తుంది కాబట్టి మెచ్చుకుంటున్నారని సర్దిచెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది.

ఆ తల్లితో అట్లా ఎట్లా చదివించావని అడిగాను. ఒళ్లు మండుతూనే అడిగాను. "సదవనీకె ఏమియ్యలే అక్కా. లగ్గానికి ఎవలెవలు వస్తున్రని అడిగిన. ఆమె మాట్లాడుకుంటనే పోయింది," అంది.

ఆ సాయంత్రమే సరిచేసిన వీడియో వచ్చింది. పైన "సవరించిన ఆహ్వానం" అని ఎర్ర పట్టీ. మొదట మళ్లీ ఆ తల్లి గొంతే: ముందు పంపినది తీసేయండి, లగ్గం గురువారం రాత్రే అని. అది మొదటిదానికన్నా ఎక్కువ మందికి పోయింది. తప్పు కనిపెట్టింది గద్వాల అక్క అని ఆ అమ్మాయి రెండు ఇండ్లవాళ్లకూ చెప్పిందట. పెద్ద కూతురు నాకు ఫోన్ చేసి, ఆమె ఎంత మంచిదో, మీ పేరు దాచకుండా చెప్పింది అని మెచ్చుకుంది. మెచ్చుకున్నది ఆమెను.

మరునాడు పొద్దున్నే ఇటిక్యాల బస్సెక్కాను. ఆ రైతు పక్కన అరుగు మీద కూర్చొని, చిన్నమ్మాయి మీకు పనిలో సాయం వచ్చేదా అని అడిగాను. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. "క్రాసింగ్ దినాలల్ల పువ్వుకు పువ్వు రుద్దుకుంట నా ఎంబడే సాలు దిరిగేది. బడికి ఆల్శమైతదంటె ఇనకపోయేది. గా పిల్ల లగ్గం. రాండ్రి." అక్కడే రికార్డింగు ఆపాను.

సాయంత్రానికి పంపాను. నేను చేసినవాటిలో అదే మంచిదని నాకు తెలుసు. గ్రూపులో దండాలు, పూలు కురిశాయి; పెద్ద కూతురు స్క్రీన్‌షాట్లు పంపింది. నడుమ ఎవరో పెట్టారు: "అచ్చం వనపర్తి వీడియో లెక్కనే ఉన్నది." దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అదనం డబ్బు ఫోన్‌లో పడిన చప్పుడు కూడా పట్టించుకోలేదు.

పెండ్లికి పిలిచారు, పోయాను. చుట్టాలంతా సరైన రాత్రికే వచ్చారు. హాలులో పెద్ద తెర మీద రెండు వీడియోలూ వేశారు. ఆ తల్లి గొంతు వచ్చినప్పుడు జనం నవ్వారు. రైతు గొంతు వచ్చినప్పుడు తల తిప్పి ఆయన వైపు చూశారు. ఏది గొప్ప అని నాలో నేను తూకం వేస్తూనే భోజనం ముగించాను. ఏం తిన్నానో గుర్తులేదు.

ఇప్పుడు నేనూ మార్పులు కలిపే ధర చెబుతున్నాను. గొడవలు తగ్గాయి. పత్రిక ఫోటో లేకుండా వనపర్తి అమ్మాయి పని ముట్టుకోదని విన్నాను.

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఎల్లుండికి గృహప్రవేశం వీడియో కావాలట. వనపర్తి అమ్మాయికి తీరిక లేక, గద్వాల అక్క మంచిగ చేస్తదని నా నంబరు ఇచ్చిందట. పని తీసుకున్నాను. ఆమెకు ఫోన్ చేసి ఒక మంచి మాట చెప్పమన్నాడు మా ఆయన. చేస్తానన్నాను. ఇంకా చేయలేదు.