బయటికి రాని దీపం పలక

మేస్త్రి గీత గీశాడంటే ఇక తిరుగులేదని ఆ వీధిలోని అపార్ట్‌మెంట్లలో పేరు. అందుకే ఆయన్ని గీత మేస్త్రి అనేవారు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. మంచాలు, అల్మరాలు ఎన్ని చేసినా, ఇరుకు ఫ్లాట్లలో గోడకు బిగించే పూజా మందిరాలంటే మాత్రం ఒక పిసరు ఎక్కువ మక్కువ.

ఆ ఉదయం మేస్త్రి పై అంతస్తులో ఉండే ఆయన్ని వెంటబెట్టుకుని కింది ఫ్లాటుకు వచ్చాడు. ఆయనకూ ఒక మందిరం కావాలి. నిరుడు ఇక్కడ చేసినది చూపిస్తే చాలు, మాటలతో పనిలేదనుకున్నాడు మేస్త్రి. తలుపు తీసింది పెద్దావిడ. ఆవిడ కొడుకు హాల్లో ఫోన్ చూసుకుంటున్నాడు.

"గంటల కొక్కేలు చూడండి. తలుపులు జారే గాడికి జానెడు లోపలగా బిగించాను. లేకపోతే తలుపు జరిపినప్పుడల్లా గంట అద్దానికి తగుల్తుంది. ఒట్టి ప్లైవుడ్‌కి కాదు, వెనకాల గట్టి చెక్క పట్టీ వేసి దాంట్లోకి మర తిప్పాను" అంటూ మేస్త్రి గంటను ఊపాడు. అది నిక్షేపంగా మోగింది.

"ఇక దీపం పలక. మీద రాయి అతికించాను. ముందుకు లాగితే దీపం బయటికొస్తుంది, పై అరకు సెగ తగలదు."

లాగాడు. పలక తలుపుకు కొట్టుకుని ఆగిపోయింది. ఆ తలుపును పక్కకు జరిపి మళ్లీ లాగాడు. ఈసారి రెండో వైపు తగిలింది. ఒకదాని వెనక ఒకటి జారే రెండు తలుపులవి, ఎటు జరిపినా తెరుచుకునేది సగమే. పలకేమో మందిరమంత వెడల్పు.

మేస్త్రి తలెత్తి చూశాడు. దీపానికి పైనున్న అరకు కింది వైపున వంటింట్లో వాడే రేకు కాగితం అంటించి ఉంది. దాని అంచున చెక్క నల్లగా కమిలి పొంగింది. రాయి కిందికి వేడి దిగనివ్వదు గాని, పైకి లేచే సెగను అదేం ఆపుతుంది?

నిరుడు చేసేటప్పుడు మొదట బయటికి తెరుచుకునే తలుపులే అనుకున్నారు. నడవ ఇరుకని కొడుకు అంటే, చివరి రోజు మేస్త్రి జారే తలుపులకు మార్చాడు. అవి బిగించక ముందు పలకను ఎన్నిసార్లో లాగి మురిసిపోయాడు. బిగించాక ఒక్కసారీ లాగలేదు.

"అదా? మా అమ్మ నిర్వాకం" అన్నాడు కొడుకు. "వత్తి పెద్దది చేసి మాడ్చేసింది. ఇంట్లో ఇక నిప్పు వద్దని చెప్పేశా. కరెంటు దీపం తెచ్చాను."

టీపాయ్ మీద దాని అట్టపెట్టె ఉంది.

"అవును బాబూ, నాదే పొరపాటు" అంది పెద్దావిడ గబగబా. "మేస్త్రి పనికి వంక పెట్టడానికేం లేదు."

రోజూ ఆ పలకను లాగి చూసిన మనిషి. ఆవిడకు తెలియకుండా ఎలా ఉంటుంది? మేస్త్రి పలకను లోపలికి తోసేశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "మాకూ ఇలాగే చెయ్యండి" అని పై అంతస్తు ఆయన అంటే, తలూపాడు. తన మీదే తనకు అసహ్యం వేసింది.

పై ఫ్లాటులో గోడ కొలిచి, దీపం పలక ఎక్కడొస్తుందో గీయబోయాడు. పెన్సిలు ఆగిపోయింది. "ఒక్కసారి కిందికి రండి సార్" అని ఆయన్ని మళ్లీ తీసుకొచ్చాడు.

"తప్పు అమ్మగారిది కాదండీ, నాది" అన్నాడు కొడుకుతో. "తలుపులు మార్చి పలక మార్చలేదు. ఇందాక తెలిసే ఊరుకున్నాను."

కొడుకు లేచి వచ్చి తలుపులు అటూ ఇటూ జరిపి చూశాడు. పలకను లాగాడు.

"నాకు చెప్పొచ్చుగా అమ్మా?"

"ఈ వీధిలో అందరికీ మంచి పనివాడని చెప్పింది నేనే" అందావిడ. "చెబితే అతని కూడు పోతుందేమోనని."

ఆ మాటకు మేస్త్రి ఎటు చూడాలో తెలియక నేల చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పాత పలక తీసేశాడు. తెరుచుకునే సగంలో సులువుగా పట్టేలా కుడివైపు చిన్న పలక పెట్టాడు, మీద రాయి, అంచున నూనె కారకుండా చిన్న కట్ట. దానికి పైన అరను కోసేసి, మందిరం పైకప్పు దాకా ఖాళీ వదిలాడు. తలుపులు బిగించి ఉండగానే చాలాసార్లు లాగి చూశాడు. అప్పుడు పెద్దావిడను పిలిచాడు.

"వెలిగించి మీరే లాగండమ్మా. దీపం కొండెక్కేదాకా తలుపు మాత్రం తెరిచే ఉంచండి."

కొడుకు అట్టపెట్టె తీసి లోపల పెట్టేశాడు. ఆవిడ దీపం వెలిగించింది. పలక మెత్తగా బయటికి వచ్చింది. ఆవిడ దండం పెట్టుకోలేదు. ముందు కుడిచెయ్యి పైకెత్తి, నిన్నటిదాకా అర ఉన్న చోట సెగ తగులుతోందేమోనని తడిమింది. అక్కడ ఏమీ లేదు. అయినా చెయ్యి తియ్యకుండా, అలవాటుగా మంటకు కాపలా కాస్తూ నిలబడింది.

ఏడాదిగా రోజూ అలాగే నిలబడి ఉంటుందని మేస్త్రికి అప్పుడు అర్థమైంది.