పదకొండు నిమిషాల దించుడు

నాకు కోపం ఎక్కువ. ముందుగాలనే చెప్పి పెడుతున్న, ఎందుకంటే లింగ్యా సంగతి చెప్పుకుంట చెప్పుకుంట మధ్యల ఎవలనో ఒకలను తిట్టకుంట ఉండలేను. భూపాలపల్లిల బొగ్గు బాయి క్వార్టర్ల పక్కన మా కిరాణం దుకాణం. కౌసల్యక్క దుకాణం అంటే ఎవలైనా చూపెడుతరు. మా ఆయన నర్సింగరావుకు మోకాళ్ళు పట్టేసినయి, గల్లా కాడ కూసుంటే లేవడు. సరుకు దించుకునుడు, లెక్క చూసుకునుడు, కొట్లాడుడు, అన్నీ నా మీదనే.

లింగ్యా మాకు జనగామ గోదాం నుంచి సరుకు తెచ్చే డ్రైవరు. నూనె డబ్బాలు, సబ్బుల పెట్టెలు, పిండి బస్తాలు. లింగాల ఘనపూర్ దిక్కు తండాల పుట్టిండు. చిన్నప్పుడు ట్రాక్టరు తోలిండు, పెద్దగైనంక పెద్ద లారీ ఎక్కి నాగపూర్, రాయపూర్ లైను తిరిగిండు. బిడ్డ ఉమ పుట్టినప్పుడు ఆయన ఎక్కడనో చెక్‌పోస్టు కాడ ఉన్నడట. నెల దాటినంక ఇంటికొస్తే పిల్ల ఈయనను చూసి ఒక్కటే ఏడుపు. గప్పుడే లైను లారీ ఇడిసిపెట్టి, పొద్దుమీకి ఇంటికి చేరే డ్యూటీ అని ఈ గోదాం బండి పట్టుకున్నడు. జనగామల కిరాయి అర్ర తీసుకున్నరు. ఆయన భార్య గోరీ దవాఖానల ఆయా. రాత్రి డ్యూటీ. ఏడున్నరకు ఇల్లు ఇడవాలె. ఆమె పోయే లోపల ఈయన ఇంట్ల ఉంటే పిల్లకు తోడు. వాళ్ళ సంసారమంత గా ఒక్క లెక్క మీదనే నడుస్తుండె.

మొదట్ల బాగనే నడిచింది. వారానికి మూడు రోజులు మా దిక్కు వస్తుండె. పొద్దుగాల ఏడుకు జనగామల బండి తీస్తడు, పరకాలల ఒక దుకాణం, ఇక్కడ మా దుకాణం, గంతే. నాలుగు గొట్టంగ మళ్ళ జనగామలనే. మిగిలిన రోజులు జనగామ చుట్టుపక్కల తిరుగుతుండె. గోదాంల ప్లాను వేసే పిలగాడు సునీల్. ఏ బండి ఎక్కడికి పోవాలె, తొవ్వల ఎంతసేపు, ఏ దుకాణం కాడ దించుడుకు ఎంతసేపు, అన్నీ కలిపి డ్రైవరు పని పది గంటలు దాటొద్దు. నడుమ అర్ధగంట విశ్రాంతి. గది రూలు. మంచి రూలే, నేను కాదంటలేను. నిద్ర సాలని డ్రైవరు బండి తోలితే సచ్చేది ఆయనొక్కడే కాదు.

గని ఆ ఫోన్ల యాప్ ఉన్నది సూడు, దాని మొకం మండ. సరుకు ముట్టినట్టు దుకాణపోళ్ళు ఓటీపీ చెప్పాలె, డ్రైవరు గది కొడితే దించుడు అయిపోయినట్టు లెక్క. ప్లానుల రాసిన నిమిషాలు దాటి ఇంక దించుతుంటే ఫోను ఒక్కతీరుగ మొత్తుకుంటది. ఆఫీసు నుంచి ఎందుకు లేటని అడుగుతరు. మా దగ్గర హమాలీ లక్ష్మణ్ ఒక్కడే. ఒక్కోనాడు ఆయన వేరే దుకాణంల ఉంటడు, వచ్చిందాక ఆగాలె. ఆగలేక లింగ్యానే బస్త భుజాన వేసుకుంటుండె. బస్త మోసుకుంటనే ఫోనుకు జవాబు చెప్పాలె. పరేషాన్ అయితుండె మనిషి.

తోటి డ్రైవర్లు ఉపాయం చెప్పిన్రట. బండి ఎనక తలుపు తెరువంగనే ఓటీపీ అడిగి కొట్టేసెయ్యి, తర్వాత నిమ్మలంగ దించుకో అని. అందరు గట్లనే చేస్తున్నరు. లింగ్యా నన్ను అడిగిండు, నేను చెప్పిన. నాలుగు అంకెలు, నా సొమ్మేం బోయింది. ఫోను మొత్తుకునుడు ఆగింది. ఇద్దరం సంబురపడ్డం.

ఆ ప్లాను ఎట్ల తయారైతదో మాకేం ఎరుక. పాత ట్రిప్పులల్ల ఏ దుకాణం కాడ ఎంతసేపు పట్టిందో చూసి, సగటు తీసి, కొత్త ప్లానుల గదే వేస్తరట. మా దుకాణం కాడ గంటకు పైన పట్టే దించుడు యాప్‌ల పదకొండు నిమిషాలు అయికూసుంది. ఇంకో చోద్యం వినుండ్రి. ఓటీపీ కొట్టినంక బండి కదలకుంట ఆగి ఉంటే, డ్రైవరు విశ్రాంతి తీసుకుంటున్నట్టు రాసుకుంటదట. అంటే లింగ్యా చెమటలు కారంగ నూనె డబ్బాలు మోస్తుంటే, అక్కడ ఆఫీసుల ఆయన పండుకున్నట్టు లెక్క.

పదకొండు నిమిషాలకే దించేటోనికి రెండు దుకాణాలు ఏం సరిపోతయి? పరకాల వేరే బండికి ఇచ్చి, ఈయనకు పాలకుర్తి, మహబూబాబాద్, నర్సంపేట తగిలిచ్చిన్రు. ఆ మూడు చూసుకొని ఆఖరుకు మా దుకాణం. ఇటునుంచి హన్మకొండ మీదికెళ్ళి జనగామ. కాగితం మీద తొమ్మిదిన్నర గంటలు. లెక్కకు ఎవ్వలు వంక పెట్టలేరు. మా దిక్కు వచ్చిన దినం నాలుగుచోట్ల గంట గంట మోసినంక ఆయన మా దగ్గర బండి తిప్పేటాళ్ళకు ఐదు దాటుతుండె, ఇల్లు చేరేటాళ్ళకు ఎనిమిదిన్నర. గోరీ ఏడున్నరకే పోవాలె.

ఆ నడిమి గంట కోసం ఆ మొగుడు పెండ్లాలు పడ్డ బాధ చెప్తే ఒడువది. పక్కింటి అంజమ్మ కొన్నాళ్ళు చూసింది, తర్వాత ఆమె కొడుకు దగ్గరికి పోయింది. పిల్ల లోపట గొళ్ళెం పెట్టుకొని కూసుంటుండె. మా దుకాణం ముందల దిగంగనే లింగ్యా పిల్లకు ఫోను చేసేటోడు. వాళ్ళ భాషల మాట్లాడుకుంటరు, నాకు సమజ్ కాదు. ఒక్కటే సమజ్ అయ్యేది, పిల్ల మాటిమాటికి ఏదో అడుగుతది, ఈయన మాటిమాటికి ఒక్కటే జవాబు చెప్తడు. ఒకనాడు ఏమంటున్నదని అడిగిన. ఇంకా ఎంతసేపు అని అడుగుతున్నదట.

గిన్ని సాలవన్నట్టు తొర్రూరు కూడ కలుపుతమన్నడు సునీల్. లింగ్యాకు అప్పుడు కోపమొచ్చింది. నాతోని కాదు, ఉన్నయే ఎక్కువైతున్నయి, ఒకటి తీసెయ్యి అన్నడట. సునీల్ కంప్యూటర్ తిప్పి చూపెట్టిండట. పదకొండు నిమిషాలల్ల దించుతున్నవు, కౌసల్యక్క దుకాణం ముందల గంట సేపు పండుకుంటున్నవు, గా పండుకునుడు జర తగ్గిస్తే తొర్రూరు అల్కగ అయితదన్నడట. ఈ ముచ్చట లింగ్యా వచ్చి నాకు చెప్పిండు. మా దుకాణం ముందల మేం మంచం ఏసినమా? ఫోను తియ్యి, వాని సంగతి చెప్త అన్న. లింగ్యా ఇయ్యలే. తప్పు ఆయన ఫోన్లనే ఉన్నదని ఆయనకు ఎరుకే.

నాలుగొద్దులు పాత తీరుగనే ఓటీపీ కొట్టుకుంట తిరిగిండు. తెల్లారితే ఇంకో దుకాణం మీద పడుతదని భయం. ఉన్నదున్నట్టు చెప్తే ఇన్ని రోజులు మోసం చేసినవు అని తీసేస్తరని భయం. తోటి డ్రైవర్లు చెప్పకురా, అందరం దొరుకుతం అని బతిమిలాడిన్రట. నేనేమో వచ్చినప్పుడల్ల నిజం చెప్పెయ్యి అని ఎగేస్తుంటి. ఎటు జరిగినా గోడనే. ఆఖరుకు ఒకనాడు బండి దిగుకుంటనే నా మొకం చూడకుంట అన్నడు.

“అక్కా, ఇయ్యాల ఆఖరు డబ్బ లోపటికి పోయిందాక ఓటీపీ ఇయ్యకు. నేను అడిగినా ఇయ్యకు.”

పొద్దటి నుంచి మూడు దుకాణాలల్ల గట్లనే చేసుకుంట వచ్చిండట. ఫోను మొత్తుకుంటనే ఉన్నది. నేను, లక్ష్మణ్, ఆయన కలిసి దించినం. ఆఖరు డబ్బ పెట్టినంక నాలుగు అంకెలు చెప్పిన. కొట్టిండు. అప్పటికి ఆయన పని గంటలు పదికి వచ్చినయి. జనగామకు ఇంకా మూడు గంటల తొవ్వ. ఆఫీసు నుంచి ఫోను, బండి కదిలియ్యొద్దు, అక్కడనే ఆపుకొని పండుకో, తెల్లారి రా అని. మొదటిసారి రూలు నిజంగ పనిచేసింది. ఆయనను ఇంటికి పోనియ్యలే.

గోరీ ఆ రాత్రి పిల్లను దవాఖానకే తోల్కపోయిందట. వార్డు బయట బల్ల మీద పండవెట్టింది. సూపరువైజరు చూసి, గిది ఇంకోసారి జరిగితే నిన్ను మానిపిస్త అన్నడు.

తెల్లారి లింగ్యా సునీల్ ముందల నిలబడి అంతా చెప్పేసిండు. నేను సునీల్ తిడుతడనుకున్న. తిట్టలే. మంచిగనే విన్నడట, తల పట్టుకున్నడట, నిజం నిమిషాలు రాసుకున్నడట. ఉద్యోగం ఏం పోలే. నాకు గంత సంతోషం అయింది, ఒక దుకాణం తీసేస్తరు, పిలగాడు నయమే అని మా ఆయనతోని చెప్పిన. నన్ను నేను శబాష్ అనుకున్న కూడ, నిజం చెప్పు అని ఎగేసింది నేనే గదా.

వారం దిరుగకముందే కొత్త ప్లాను వచ్చింది. దుకాణాలు ఏం తియ్యలే. ఒక్కటే మార్చిన్రు. ఇన్ని గంటల పని ఒక్క దినంల పట్టదు కాబట్టి రెండు దినాలు. మొదటి దినం మహబూబాబాద్ మీదికెళ్ళి మా దగ్గరికి, రాత్రి బస భూపాలపల్లి, రెండో దినం పరకాల మీదికెళ్ళి జనగామ. వారానికి మూడు రాత్రులు ఇక్కడనే. ఇంకో బండి పెట్టుడు కంటే గిదే నయమని పైనోళ్ళకు తోచింది.

ఈసారి నేను ఫోను గుంజుకున్న. సునీల్‌ను ఇష్టమొచ్చినట్టు తిట్టిన. అంతా అయినంక మెల్లగ అన్నడు.

“అక్కా, ఇప్పుడు ఆయన పని సగటున దినానికి ఎనిమిది గంటలే. రూలు ప్రకారం అన్నీ సక్కగున్నయి.”

నిజమే. సక్కగున్నయి.

లింగ్యా దగ్గరి లైను అడిగిండు, అవి పాత డ్రైవర్లకు పోయినయి. గోరీ పగటి డ్యూటీ అడిగింది, కాంట్రాక్టరు లేదన్నడు. ఇద్దరిల ఒక్కలు మానేస్తే అర్ర కిరాయికి కూడ రాదు. ఉమకు ఎనిమిదేండ్లు నిండినయి. మూడో తరగతి ఆశ్రమ బడిల, హాస్టల్‌ల వేసిన్రు. ట్రంకుపెట్టె కొన్నం, దుప్పట్లు కొన్నం అని చెప్తుంటే ఆయన గొంతు మంచిగనే ఉన్నది. నేనే లోపటికి పోయి కండ్లు తుడుసుకొని వచ్చిన.

ఇప్పుడు మా దుకాణం కాడ దించుడు గంటంబావు పడుతది. హడావుడి లేదు. లక్ష్మణ్ వచ్చిందాక ఆగుతడు, ఒక్క పెట్టె సొట్ట పోదు. మొన్న దసరకు ముందు జనగామ నుంచి పొద్దుగాల్నే తీసిండు, తొవ్వంత ఖాళీ దొరికింది, అన్నిచోట్ల హమాలీలు తయారుగ ఉన్నరు. మా దగ్గర పని ఒడిసేటాళ్ళకు ఏడు గంటలు కూడ కాలే. నేనే లెక్కవెట్టిన. పది గంటలల్ల ఇంక మూడు మిగిలినయి లింగ్యా, ఆఫీసుకు ఫోను చేసి అడుగు, పొద్దు గూకేటాళ్ళకు జనగామల ఉంటవు, ఇయ్యాల ఇంటికి పోవచ్చు అన్న.

ఆయన బండి ఎనక తలుపు మూసి గొళ్ళెం పెట్టిండు. తువాలుతోని చేతులు తుడుసుకున్నడు.

“గోరీ డ్యూటీకి పోతది. ఇంట్ల ఎవ్వలున్నరక్కా?” అన్నడు.

బండి నీడకు పెట్టుకొని, సీటు మీద ఒరిగిండు. ఫోన్ల విశ్రాంతి అని పడ్డది.