తొమ్మిది మందికి ఒకటే అడ్రసు

నాకు చదవడం వచ్చింది నలభై మూడో ఏట. నర్సీపట్నంలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో నేను వంటమనిషిని. సాయంత్రం పప్పు పొయ్యి మీద పెట్టి అది ఉడికేలోగా మేట్రన్ అమ్మగారి దగ్గర కూర్చునేదాన్ని. ఆవిడ నాకూ, తుడిచే ఆయాకీ పిల్లల పలకల మీద అక్షరాలు దిద్దించేవారు. రెండేళ్ళలో కూడబలుక్కోవడం పోయి చదవడం వచ్చింది. ఇక అప్పట్నుంచి కంటబడిన ప్రతిదీ చదివేదాన్ని. పప్పు సంచి మీద రాత, బస్సు నెత్తిన బోర్డు, గోడ మీద కాగితం, అన్నీ. ఆయా నవ్వేది: "నీకు సదువు రాకుండా ఉంటేనే నయం. బజారుకెళ్తే గంట పడతన్నాది."

ఆ ఏడు హాస్టల్ మూసేస్తారని తెలిసింది. పిల్లలు తగ్గిపోయారు. వేసవి సెలవులు ఇచ్చాక తలుపులకు తాళమే అన్నారు. హాస్టల్ వెనక గది కూడా వంటతో పాటే నాది. వంట పోతే గదీ పోతుంది. పాయకరావుపేటలో ఉన్న నా కూతురు, "అమ్మా, మా ఇంటికి వచ్చీ. నీకేటి లోటు?" అంది. లోటేమీ లేదు. అల్లుడు మంచివాడు. కానీ పదహారేళ్ళు నా చేతి గరిటె నాదే. ఇంకొకరి వంటింట్లో చుట్టంలా కూర్చుని, ఎవరైనా నీళ్ళు కావాలా అంటే వద్దమ్మా అనడం నాకు రాదు. నాకు పని కావాలి. ఎక్కడైనా సరే, నేను సంపాదించుకుని నేను తినే పని.

ఫిబ్రవరిలో ఒకరోజు మేట్రన్ అమ్మగారి పేపరు నా చేతికొచ్చింది. జిల్లా పేజీలో చిన్న చిన్న ప్రకటనలు ఉంటాయి కదా, వాటిలో ఒకటి ఇలా ఉంది: "ఉద్యోగావకాశం. ఆసక్తి గలవారు బయోడేటా పంపండి." దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మెయిల్ అడ్రసు. అంతే. ఏ ఉద్యోగమో లేదు, ఎవరిదో లేదు, ఏ ఊరో లేదు. మూడుసార్లు చదివాను. మడత కింద ఏమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశాను.

అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఇదేటి, ఏ పనో సెప్పనోడు ఏ ఉద్యోగం ఇస్తాడు?"

"వంటపని కాదని కూడా సెప్పలేదు కదండీ," అన్నాను.

ఆవిడ నవ్వేశారు. "రాయి. కానీ డబ్బు పంపమంటే పంపకు. ఒక్కదానివీ రమ్మంటే ఎల్లకు."

మెయిల్ అంటే నాకు తెలిసిందల్లా, మెయిన్ రోడ్డులో జెరాక్స్ షాపు పక్కన కొత్తగా వచ్చిన నెట్ సెంటర్. చెక్కగదుల్లాంటి అరల్లో నాలుగు కంప్యూటర్లు. దాన్ని నడిపేది డిగ్రీ అయిన ఒక అమ్మాయి. ఫోను లైను కలవాలంటే కంప్యూటర్ గరగరమని చాలాసేపు గొంతు సవరించుకునేది.

ప్రకటన చూపించగానే ఆ అమ్మాయి, "ఓ, ఇదా ఆంటీ! నిన్నట్నుంచి నలుగురొచ్చారు దీని కోసం. కూకోండి. బేగి సేసేద్దాం," అంది.

నా పేరు, వయసు, ఊరు, ఏం పని వచ్చు అన్నీ అడిగింది. టకటకా కొట్టింది. ఇంగ్లీషులో ఏదో ఒక పేజీ నిండింది. నాకు ఇంగ్లీషు రాదు. నా పేరు ఎక్కడుందో మాత్రం చూపించమన్నాను. వేలు పెట్టి చూపించింది.

"నాకు మెయిల్ అడ్రసు లేదు కదమ్మా," అన్నాను.

"మా సెంటర్ అడ్రసు ఉంది కదా ఆంటీ. అడ్రసు లేనోళ్ళందరికీ దాన్నుంచే పంపుతాను. జవాబొస్తే సెప్తాను."

అది నాకు సబబుగానే తోచింది. మా పేటలో సగం మందికి ఉత్తరాలు చర్చి అడ్రసుకే వచ్చేవి. ఎవరి ఉత్తరం వాళ్ళకు అందేది.

వారం రోజులు ఏమీ రాలేదు. నేను రోజూ కూరగాయలకు వెళ్ళి అటునుంచి సెంటర్ గుమ్మంలో తొంగి చూసేదాన్ని. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపేది. ఎనిమిదో రోజు మాత్రం ఊపలేదు. మొహం పాలిపోయి ఉంది.

"ఆంటీ, జవాబొచ్చింది. కానీ..."

ఇంగ్లీషులో ఉన్న ఆ జవాబును చదివి తెలుగులో చెప్పింది. 'ఈ ఒక్క అడ్రసు నుంచి తొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. ఒకరోజు డ్రైవరు, ఒకరోజు నర్సు, ఒకరోజు బీకాం, ఒకరోజు వంటమనిషి. తొమ్మిది మందికీ ఇష్టమైనది క్రికెట్టేనట. నువ్వెవరో గానీ, నా సమయం పాడు చేయకు. ఇక్కడి నుంచి ఏం వచ్చినా ఇక చూడను.'

"క్రికెట్టేటమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి తల వంచుకుంది. బయోడేటాకు తన దగ్గర ఒకటే నమూనా ఉందట. పేరు, వయసు, చదువు మార్చి, కింద ఉన్నవి అలాగే వదిలేస్తుందట. కింద అలవాట్లు అన్నచోట క్రికెట్టు ఆడటం, స్నేహితులను సంపాదించడం అని ఉన్నాయట.

"అంటే నేను కిరికెట్టు ఆడతానని పంపీసావా?"

"పంపీసాను ఆంటీ."

"ఏ సేత్తో ఆడతానని రాసావు, గరిటె పట్టే సేత్తోనా?"

పక్క అరలో కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ పిల్లకు మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయి. "మిగతా ఎనిమిది మందికి ఏటి సెప్పాలాంటీ? నా వల్ల అందరి పనీ పోనాది," అంది. నాకు నవ్వు ఆగిపోయింది. నిజమే, అందరిదీ పోయింది. నాది కూడా.

ఆ రాత్రి పడుకున్నాను గానీ 'నువ్వెవరో గానీ' అన్న మాట మనసులోంచి పోలేదు. ప్రకటన ఇచ్చినాయనకు కోపం వచ్చింది మేము పనికిరామని కాదు, మేము లేమని. మనుషులం ఉన్నామని ఎవరో ఒకరు చెప్పాలి.

మర్నాడు పిల్లలు బడికి వెళ్ళాక సెంటర్‌కు వెళ్ళాను. నాకంటూ ఒక అడ్రసు కావాలన్నాను. అది ఎంతోసేపు పట్టలేదు. నా పేరు కొడితే అప్పటికే ఎవరిదో ఉందని చెప్పింది యంత్రం. నా పేరు వెనక మా అమ్మ పేరు కలిపితే ఒప్పుకుంది. రహస్యపు మాట ఒకటి పెట్టుకోమంటే చెవిలో చెప్పాను. అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడేటి కొట్టమంటారు?" అంది అమ్మాయి.

"నువ్వేటీ కొట్టొద్దు. నేను రాస్తాను."

తెలుగు అక్షరాలు పంపితే అవతలి కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి, కష్టం అంది. కాగితం మీద రాసి దాన్ని ఫోటోలా తీసి పంపొచ్చంది. స్కానరనే పెట్టె దుమ్ము పట్టి మూల ఉంది. దాన్ని తుడిచింది.

నేను హాస్టల్ నుంచి తెచ్చుకున్న తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసుకుని, గంటసేపు రాశాను. ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది.

'అయ్యా, నమస్కారములు. మేము తొమ్మిది మంది వేరువేరు మనుషులం. మా ఊళ్ళో మాకు సొంత మెయిల్ అడ్రసు లేదు. సెంటర్ అడ్రసు నుంచి పంపుకున్నాము. ఒకే పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేసినంత మాత్రాన అందరూ ఒకరే కారు కదా. నాకు క్రికెట్టు రాదు. ఏ ఆటా రాదు. అరవై మందికి వండడం వచ్చు. పనివాళ్ళ చేత పని చేయించడం వచ్చు. తెలుగు చదవడం, రాయడం వచ్చు. మీరు ఏ పనో ప్రకటనలో రాయలేదు. అందుకే డ్రైవరూ రాశాడు, నర్సమ్మా రాసింది. పని ఏమిటో, ఏ ఊరో చెబితే ఎవరు పనికొస్తామో మేమే చూసుకుని చెబుతాము. పనికిరాని వాళ్ళం మీ సమయం తీసుకోము.'

అమ్మాయి చదివి, "ఆంటీ, ఆయన్ని తిట్టినట్టుంది," అంది.

"తిట్టలేదు. అడిగాను. పంపు."

పంపింది. ఆ కాగితం అవతలికి చేరడానికి ఫోను లైను రెండుసార్లు తెగి మూడోసారి నిలబడింది.

మూడు రోజులకు నా పేరు మీద, నా అడ్రసుకు, జవాబు వచ్చింది. ఈసారి తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. అమ్మాయి చదువుతుంటే నేను నిలబడే విన్నాను.

ఏటికొప్పాక దగ్గర లక్క బొమ్మలు చేసే ఇళ్ళ నుంచి సరుకు కొని, పెట్టెల్లో సర్ది దూరం ఊళ్ళకు పంపే షెడ్డు ఆయనది. ఇదివరకు ప్రకటనలో ఫోను నంబరు ఇస్తే పొద్దస్తమానం మోగి భార్య విసుక్కుందట. అందుకే ఈసారి మెయిల్ ఒక్కటే ఇచ్చారట. ప్రకటనకు డబ్బు లైన్ల లెక్కన కనుక, ఉన్నదాంట్లో ఒక్కో మాటా కొట్టేసుకుంటూ పోతే పని పేరు కూడా పోయిందట. చివర్లో, 'మీరు అడిగింది సబబే. గురువారం పొద్దున్న పదింటికి వచ్చేవాళ్ళు రండి' అని రాశారు. బస్సు ఎక్కడ దిగాలో కూడా రాశారు.

అమ్మగారికి చెబితే, "ఒక్కదానివీ ఎల్లకు అన్నానా లేదా?" అన్నారు.

"ఒక్కదాన్నీ కాదండీ. ఆరుగురం ఎల్తన్నాం."

సెంటర్ అమ్మాయి మిగతా ఎనిమిది మందికీ కబురు పెట్టింది. డ్రైవరూ, నర్సమ్మా, ఇంకొకరూ మాకు కాదులే అని ఆగిపోయారు. మిగిలిన ఆరుగురం యలమంచిలి బస్సెక్కాం. ఒకే అడ్రసులో ఇరుక్కున్న మనుషులం అప్పుడే ఒకరినొకరు చూసుకున్నాం. బీకాం చదివిన పిల్ల నా పక్కన కూర్చుని, "మీరేనా ఆంటీ కిరికెట్టు?" అంది. దారి పొడుగునా నా పేరు అదే అయింది.

షెడ్డు బయట ఎర్రవీ పసుపువీ బొంగరాలు, చిన్న చిన్న బళ్ళు ఎండలో ఆరబోసిన మిరపకాయల్లా మెరుస్తున్నాయి. ఆయన బయటికొచ్చి మమ్మల్ని వరసగా లెక్కపెట్టారు.

"నిజంగానే ఆరుగురున్నారే," అన్నారు.

ఆ రోజు ముగ్గురిని తీసుకున్నారు. బీకాం పిల్లను మెయిళ్ళు చూడటానికి, కుట్టుపని వచ్చిన ఆమెను సర్దడానికి. నన్ను సర్దేవాళ్ళ మీద పెద్దగా, ఏ పెట్టెలో ఏముందో చీటీ రాయడానికి. బొమ్మను కాగితంలో చుట్టి, గడ్డి మధ్యలో కదలకుండా కూర్చోబెట్టడం పప్పు గిన్నె మీద మూత పెట్టడం కంటే కష్టం కాదు. మిగిలిన ముగ్గురికీ ఆయన బస్సు చార్జీలిచ్చి, టీ తాగించి పంపారు. సెంటర్ అమ్మాయికి నేను ఒక నీలం బొంగరం తెచ్చిచ్చాను. తర్వాత ఆమె నమూనాలో క్రికెట్టు తీసేసింది.

హాస్టల్ మూసే నాటికి షెడ్డుకు నడిచివెళ్ళే దూరంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. కూతురు వచ్చి చూసి, "ఇరుగ్గా ఉన్నాదమ్మా," అంది. దానికి వండి పెట్టాను. తిన్నాక అక్కడే చాప పరుచుకుని పడుకుంది.

రెండేళ్ళ తర్వాత షెడ్డులో ఇంకో నలుగురు కావలసి వచ్చారు. "ప్రకటన మీరే రాయండి," అన్నారు ఆయన. నేను పని ఏమిటో, ఎక్కడో, ఎన్ని గంటలకో, బస్సు ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో రాశాను. మెయిల్ అడ్రసు కూడా రాశాను. ఆయన వేలితో లైన్లు లెక్కపెట్టుకుని, "అబ్బో, పొడుగైపోనాది. ఏదైనా తీసీయండి," అన్నారు.

నేను కాగితం తీసుకుని మళ్ళీ చదివాను. "ఆసక్తి గలవారు" అన్న మాట కొట్టేసి ఇచ్చాను. ఆసక్తి లేనివాళ్ళు ఎలాగూ రారు కదా.