సగం సీసా నూనె

“ఇంతకీ ట్రాన్స్‌ఫార్మర్ ఆపమంటారా, నడపమంటారా?” అని నూలు మిల్లు ఎలక్ట్రికల్ ఇన్‌చార్జి ఫోన్లో అడిగింది. నూనె డాక్టరు గొంతు సవరించుకుని, పరిస్థితిని నిశితంగా గమనిస్తూ ఉండటం శ్రేయస్కరమని, అవసరాన్ని బట్టి తగు చర్యలు చేపట్టవచ్చునని, ఈలోగా మరో నమూనా పంపగలరని చెప్పాడు. ఆమె, “అంటే మీకూ తెలీదన్నమాట” అని ఫోన్ పెట్టేసింది.

అతను డాక్టరూ కాడు, నూనె వ్యాపారీ కాడు. ట్రాన్స్‌ఫార్మర్లలో పోసే నూనెని పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో కెమిస్టు. ఆ బిరుదు బావమరిది పెట్టాడు, మోస్తున్నది ఇతను. నిజానికి పోలిక మరీ తప్పేం కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌ని కోసి చూడలేం కాబట్టి దాని నూనెని రక్తంలా తీసి పంపుతారు. లోపల ఏది కాలినా, ఏది మెరిసినా నూనె విరిగి గ్యాసులుగా మారి అందులోనే కరిగి ఉంటుంది. ఏ గ్యాసు ఎంతుందో చూస్తే రోగం ఏమిటో తెలుస్తుంది. హైడ్రోజన్ ఒక్కటే పెరుగుతుంటే లోపల ఎక్కడో సన్నగా కరెంటు చిటపటలాడుతోందని అర్థం. మీథేన్, ఈథేన్ పెరిగితే నూనె ఒకచోట వేడెక్కుతోంది, ఇథిలీన్ ఎగబాకితే ఆ వేడి బాగా ముదిరింది. కార్బన్ మోనాక్సైడు పెరిగితే తీగలకి చుట్టిన కాగితం మాడుతోందేమోనని అనుమానించాలి. ఇక ఎసిటిలీన్. అది ఊరికే పుట్టదు. లోపల నిప్పు లేచి, మెరుపులాంటి ఆర్కింగ్ జరిగితేనే అంతటి వేడి పుడుతుంది. అందుకే ఈ వృత్తిలో ఎసిటిలీన్ పేరు చెబితే పెద్ద పెద్ద ఇంజనీర్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

నూలు మిల్లు నమూనాల్లో అది పెరుగుతూ వచ్చింది. ఏడాది కిందట పది లక్షల పాళ్ళలో రెండు, తర్వాత పదకొండు, ఈసారి ముప్పై నాలుగు. పక్కనే హైడ్రోజన్ నూట యాభై, ఇథిలీన్ కూడా వెంటే నడిచింది. కార్బన్ మోనాక్సైడు మాత్రం కదల్లేదు. అంటే కాగితం ఇంకా మిగిలి ఉందేమో. చదువుకున్నవాడెవడైనా ‘ఆపండి’ అని ఉండేవాడు. మనవాడూ చదువుకున్నాడు. చిక్కల్లా పోయినేడాది అనుభవం.

పోయినేడాది ఒక సిమెంటు కర్మాగారంలో ఎసిటిలీన్ చూసి గుండెలు బాదుకుని ఆపించాడు. విప్పి చూస్తే తీగలు పెళ్ళికూతురిలా మెరుస్తున్నాయి. ఓల్టేజీ సర్దే ట్యాప్ చేంజర్ అని ఒక పెట్టె ఉంటుంది. అది మెట్టు మారిన ప్రతిసారీ అందులో నిప్పు రవ్వ లేవడం మామూలే. దాని నూనెలో ఎసిటిలీన్ పుట్టడమూ మామూలే. దాని సీలు దెబ్బతిని, ఆ నూనె కొంచెం పెద్ద ట్యాంకులోకి కారింది, అంతే. అలాంటప్పుడు ఎసిటిలీన్ ఉంటుంది గానీ దానికి తగ్గ హైడ్రోజన్ కనబడదు. ఆ నిష్పత్తి చూడాలని అతనికి తెలుసు. అప్పుడు భయంలో చూడలేదు. అప్పటి నుంచి సహోద్యోగులకి అతను ‘ఆపండి సారు’. కాబట్టి ఈసారి మరో నమూనా అడిగాడు. జాగ్రత్త అనుకున్నాడు గానీ అది పిరికితనం, కాకపోతే లెటర్‌హెడ్ భాషలో చెప్పిన పిరికితనం.

మిల్లు నుంచి మరో నమూనా వచ్చింది. ఎసిటిలీన్ పద్దెనిమిది, హైడ్రోజన్ ఏడు. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హైడ్రోజన్ లేదు! ట్యాప్ చేంజర్ కారుడే! ఈసారి నిష్పత్తి చూశాడు, రెండుసార్లు చూశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆపనక్కర్లేదని, వీలు చూసుకుని సీలు మార్చుకోమని జీవితంలో మొదటిసారి సంకోచం లేకుండా రిపోర్టు రాశాడు. ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె కూర కలుపుతూ, “మరి ముందుదాంట్లో ఉన్న హైడ్రోజన్ ఎటు పోయింది?” అని అడిగింది. నీకు తెలీదులే అన్నాడు. ఆమెకి తెలియని మాట నిజమే. అతనికీ తెలియదు.

తర్వాతి వారం ఒక శిక్షణ తరగతిలో పాఠం చెప్పాల్సి వచ్చింది, ‘నమూనా సేకరణలో మెలకువలు’. ఏటా చెప్పే పాఠమే, ఏటా నవ్వించే జోకులే. ముందు వరుసలో నలుగురు కునుకుతున్నారు. తెర మీద ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. అతను చదివాడు:

“నూనెని గాలి తగలకుండా గాజు సిరంజిలోనే పట్టాలి. సగం నింపిన సీసాలో పంపితే హైడ్రోజన్ పైనున్న ఖాళీలోకి పారిపోతుంది. ఎసిటిలీన్ నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి సగానికి పైగా అక్కడే ఉండిపోతుంది. అలాంటి నమూనాని నమ్మినవాడు…”

అక్కడ ‘మూర్ఖుడు’ అని ఉంది. జోకు కోసం తనే పెట్టుకున్నాడు. ఆ మాట పలకలేకపోయాడు. మిల్లు మళ్ళీ పంపిన నమూనా వచ్చింది మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాలో. సగం. మూత తిప్పి, సిరంజిలోకి లాగి, పరీక్ష చేసినవాడు తనే. అప్పుడు ఫోన్లో బావమరిదితో స్థలం గొడవ మాట్లాడుతున్నాడు. సిరంజిలు అయిపోయి ఉంటాయిలే, నూనె నూనే కదా అనుకున్నాడు కూడా.

కునుకుతున్న నలుగురిలో ఒకాయన కళ్ళు తెరిచి, ఏమైంది సార్ అన్నాడు. మనవాడు నీళ్ళు తాగొస్తానని బయటికి నడిచాడు.

వరండాలో ఇన్‌చార్జికి ఫోన్ చేశాడు. ఆమె సంతోషంగానే ఎత్తింది. రిపోర్టు మేనేజరుకి చూపించామని, ముందు జాగ్రత్తగా అనుకున్న షట్‌డౌన్ రద్దయిందని, రాత్రి షిఫ్టుతో సహా యంత్రాలన్నీ ఆడుతున్నాయని చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ గోడకి అవతలే మనుషులు పనిచేస్తారని అతనికి తెలుసు.

“మేడమ్, ఆ రిపోర్టు చింపేయండి.”

“ఏ రిపోర్టు?”

“నేను రాసిందే. అది తప్పు. సీసాలో పంపిన నూనె అది.”

“అవును, సిరంజిలు లేవు. మీరు చూసే తీసుకున్నారుగా?”

“చూశాను. అదే చెబుతున్నాను. సిరంజిలో వచ్చిన ముందుదే నిజం. లోపల ఆర్కింగ్ జరుగుతోంది. ఆపండి.”

“మేనేజరుకి ఏం చెప్పమంటారు? వారంలో మాట మార్చారని చెప్పనా?”

“మూర్ఖుడని చెప్పండి. కానీ ముందు ఆపండి.”

ఆమె అప్పటికప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ ఆపించింది. దాని మీద మేనేజరు అడిగిన ప్రశ్నలు ల్యాబ్ యజమాని దాకా వెళ్ళాయి. యజమాని నుంచి మనవాడికి చేరేసరికి వాటిలో మర్యాద పూర్తిగా ఇగిరిపోయింది. లోపల ఏమీ లేకపోతే ఉద్యోగం వెతుక్కోమని ఆయన చెప్పేశాడు. మూడు రోజులు మనవాడికి అన్నం సహించలేదు. భార్య పెరుగన్నం పెట్టి, ఇది కూడా పరీక్ష చేసి తింటారా అంది.

నూనె దించి, మనిషి దూరే కిటికీ విప్పారు. ట్యాప్ చేంజర్‌కి వెళ్ళే తీగ కొసన బోల్టు వదులై, తీగ అంచు కరిగి, పక్కన నల్లటి మసి పట్టింది. చుట్టిన కాగితం ఒక అంగుళం మేర మాడింది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఏమయ్యేదో ఎవరూ అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు. ఉద్యోగం మిగిలింది. ఇన్‌చార్జి మాత్రం ఒక్క మాట అంది: “మొదటి ఫోన్లోనే ఆ మాట అని ఉంటే బాగుండేది సార్.” దానికి జవాబుగా అతను పెద్ద ఉత్తరం రాయబోయి, మానేశాడు.

సిరంజి నమూనా పరీక్షకి మిల్లు డబ్బు కట్టింది. సగం సీసా పరీక్షకి కట్టేది లేదంది. యజమాని దాన్ని అతని జీతంలోంచి కోస్తున్నాడు, ఇంకా రెండు నెలల కోత బాకీ ఉంది.