మొగ్గను చూసి కూడా రాయలేదు

నాకు నోటి దురుసు ఎక్కువ. మా ల్యాబులో ఎవరైనా స్లైడు ఆరకముందే రంగు పోస్తే నాలుగు తిట్టందే ఊరుకోను. అలాంటిదాన్ని, నేను చేసిన పొరపాటు గురించి మాత్రం, చెప్పాల్సిన మనిషి దగ్గర రెండేళ్ళ దాకా నోరు విప్పలేదు.

అప్పుడు నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. రోగుల రక్తంలో ఏ క్రిమి ఉందో చూసి చెప్పడం నా పని. ఐసీయూలో ఒక పాతికేళ్ళ మనిషి ఉండేవాడు. సముద్రంలో వేటకెళ్ళేవాడు. పేగుకి చిల్లుపడి ఆపరేషన్ అయింది, మెడ దగ్గర పెద్ద నరంలో గొట్టం పెట్టారు, రెండు వారాలుగా యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు. అయినా జ్వరం దిగలేదు. వాళ్ళమ్మ చేపలమ్ముకునే మనిషి. రోజంతా మా ల్యాబు మెట్ల మీదే కూర్చునేది. నేను బయటికొస్తే చాలు, లేచి నిలబడేది.

"పురుగు దొరికిందేటి తల్లీ?"

"ఇంకా లేదు పిన్నీ. దొరికితే నీకే ముందు చెప్తాను."

క్రిమి ఉంటే పెరిగేలా, తిండి ద్రవంలో అతని రక్తం పోసి వెచ్చగా పెట్టిన సీసా మూడో రోజు ఉదయం మబ్బుపట్టింది. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది. బాక్టీరియా తిండి దొరికితే ఇరవై నిమిషాలకో అరగంటకో ఒకటి రెండవుతుంది, మామూలుగా ఒక్క రోజులోనే సీసా మబ్బుపడుతుంది. ఈస్టు, అంటే పిండిని పులియబెట్టే జాతి బూజు, నెమ్మదిది, రెట్టింపు కావడానికి గంటన్నర పైనే తీసుకుంటుంది. మూడో రోజు దాకా ఎందుకు పట్టిందని నన్ను నేను అడగలేదు. బల్ల మీద పదిహేను స్లైడులున్నాయి. ఫోను మోగుతూనే ఉంది.

రంగువేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఊదారంగు గుండ్రాలు, గుంపులు గుంపులుగా కనిపించాయి. ఫోన్లో సర్జను, "మెడలో గొట్టం ఉంది కదమ్మా, స్టెఫైలోకాకసే అయుంటుంది, చూడు" అన్నారు. మా దగ్గర అదో అలవాటు. ముందు ఫోన్లో చెప్పేయడం, స్లైడు ఇంకొకరికి చూపించడం తరవాత. నేను ఆయన చెప్పిందే చూశాను. "అవును సార్, గ్రామ్ పాజిటివ్ కాకై" అన్నాను. రిపోర్టులో కూడా అదే, ఊదారంగు పట్టే గుండ్రటి బాక్టీరియా అనే, రాశాను.

అప్పుడే ఒక గుండ్రం పక్కన చిన్న గుండ్రం కనిపించింది. సన్నటి మెడతో పెద్దదానికి అంటుకుని ఉంది. చూశాను. ఒట్టు, చూశాను! రెండు కాకస్‌లు అతుక్కున్నాయిలే అనుకుని స్లైడు జరిపేశాను.

బయటికెళ్ళి, "పిన్నీ, పురుగు దొరికింది. మందు మారుస్తారు" అని చెప్పాను. ఆమె నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మారిన మందు వాన్కోమైసిన్. బాక్టీరియా తన గోడ కట్టుకుంటుంటే అడ్డుపడే మందది. ఈస్టుకీ గోడ ఉంటుంది గానీ అది వేరే సరుకుతో కట్టినది, ఆ మందు దానికి ఏమీ చెయ్యదు. సీసాలోంచి ఒక చుక్క తీసి క్రిమిని పెంచడానికి పూసిన ప్లేటు మీద, మర్నాడు సూదిమొనంత తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేవు. రెండో రోజుకి అవి ఎదిగాయి. మూత తీసేసరికి పులిసిన ఇడ్లీపిండి వాసన గుప్పుమంది. మా సీనియర్ టెక్నీషియన్, శృంగవరపుకోట ఆయన, పక్క బల్ల దగ్గరనుంచి లేచి వచ్చారు.

"ఒసే, ముక్కు నేదేటే నీకు? ఆ పాత స్లైడు తియ్యి."

తీశాను. ఆయన చాలాసేపు చూసి, కుర్చీ నాకు వదిలారు.

"ఎర్రకణం పక్కన ఎట్టి సూడు. కాకస్ అయితే సుక్కంతే ఉంటాది. ఇది ఎర్రకణంలో సగం ఉన్నాది. ఇంకా సూడు, బాక్టీరియా మధ్యకి సీలి రెండు సమానంగా అవుతాది. ఇది సీలనేదు. మొగ్గ ఏస్తన్నాది. తల్లి తల్లిలాగే ఉండి, లోపలి కేంద్రకం రెండైతే ఒకటి పిల్లకిచ్చి పంపుతాది. పిల్ల ఊడిపోయినా తల్లి గోడమీద మచ్చ ఉండిపోతాది."

కేంద్రకం! బాక్టీరియాకి అదే లేదు. కాలేజీలో మొదటి నెలలోనే చదివిన మాట. ప్లేటు మీది ఒక చుక్కని సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేటలో, కలిపి వెచ్చగా పెడితే మూడు గంటల్లో గుండ్రాలకి తోకలు మొలిచాయి. కాండిడా అనే ఈస్టే. అప్పుడు ఫోను చేశాను. సర్జను వెంటనే ఈస్టు మందు మొదలుపెట్టించి నన్ను తిట్టారు, పడ్డాను. పడాల్సినవే.

ఆ సాయంత్రం సీనియర్ గారిని అడిగాను, "ఇన్ని యాంటీబయాటిక్స్ ఉన్నాయి, దీనికి మందులు ఇంత తక్కువేటండీ?"

"బాక్టీరియా మనకి పరాయిది. దానికున్న గోడ మనకి నేదు, దాని ప్రొటీన్ల మర మన మరలాటిది కాదు. అక్కడ కొడితే మనకి తగల్దు. ఈస్టు మన సుట్టమే పిల్లా. మనలాగే కేంద్రకం, మనలాగే మైటోకాండ్రియా, మన మరే. ఎక్కడ కొట్టినా మనకీ తగుల్తాది. తేడా ఏటంటే, దాని పొరలో ఎర్గోస్టెరాల్, మన పొరలో కొలెస్టరాల్. ఇప్పుడెక్కించే మందు ఆ ఎర్గోస్టెరాల్ని పట్టుకుంటాది. కానీ అవి రెండూ అక్కసెల్లెళ్ళే. ఒక్కోసారి మనదాన్నీ పట్టుకుంటాది. మూత్రపిండాలు తట్టుకోవాల."

మందు ఎక్కిన గంటకే మంచం అదిరేలా చలివణుకు వచ్చిందని నర్సు చెప్పింది. మర్నాటి నుంచి అతను మగతలోకి పోయాడు. మూత్రం తగ్గింది. ఐదో రోజు పోయాడు. రెండు రోజులు ముందే ఆ మందు మొదలుపెట్టి ఉంటే బతికేవాడా? ఎవరూ చెప్పలేకపోయారు. నేను ఆ వారం చర్చికెళ్ళి, ప్రభువు బల్ల దగ్గర పులియని రొట్టె ముక్క చేతిలో పెడితే నోట్లో వేసుకోలేక రుమాల్లో చుట్టుకుని వచ్చేశాను.

ఇప్పటికీ రంగువేసిన ప్రతి స్లైడు మీదా ఆ ఒక్క గుండ్రం కోసం వెతుకుతాను. లేకపోయినా కనిపిస్తుంది. అన్నం వార్చే గంజి బుడగల్లో కూడా కనిపిస్తుంది.

కొన్ని నెలలకి అతని తల్లి మా వీధిలోకే తట్టతో చేపలు తెచ్చింది. నన్ను చూసి, "నా కొడుకు కోసం అంత తిరిగినావు తల్లీ" అంది. అప్పట్నుంచి వారం వారం వచ్చేది. నేను కొన్న చేపలు గిన్నెలో వేశాక, కొసరుగా ఇంకో కానాగంత చేప వేసేది. వద్దంటే వినదు. "తిను, సిక్కిపోనావు" అనేది. ఆ కొసరు చేప నేనెప్పుడూ వండలేదు. పక్కింటి పిల్లికి వేసేదాన్ని.

అలా రెండేళ్ళు గడిచాయి. ఇక నావల్ల కాలేదు. ఒకరోజు తట్ట దించగానే చెప్పేశాను.

"పిన్నీ, మొదటిరోజు నేను పురుగుని తప్పుగా రాశాను. అది వేరే పురుగు. రెండురోజులు పనికిరాని మందు ఎక్కించారు. తప్పు నాదే."

ఆమె తట్ట మీద గోనె తీసి మళ్ళీ కప్పింది. ఈగలు తోలింది.

"రెండ్రోజులా?"

"రెండ్రోజులు."

"ఆ రెండ్రోజులే ఆడు నాతో మాటాడినాడు. గంజి తాగుతానన్నాడు. నువ్వు తరవాత ఎక్కించిన మందుకి మరి నోరిప్పనేదు."

తల దించుకుని చేపలు ఎంచింది. నా గిన్నెలో నేను అడిగినన్నే వేసింది. కొసరు చేప వెయ్యలేదు. తట్ట నెత్తికెత్తుకుని పక్కవీధి వైపు వెళ్ళిపోయింది.