వెయ్యి వైరు కాయిళ్లకు మూడు ధరలు

కొండాపూర్‌లో నేను లెక్కలు రాసే ఎలక్ట్రికల్ షాపు ఇద్దరిది. అక్కాచెల్లెళ్లను పెళ్లి చేసుకున్నవాళ్లు. మావైపు తోడల్లుళ్లంటాం, ఇక్కడ సడ్డకులంటారు. చెరి సగం వాటా. కోకాపేటలో లేచే అపార్టుమెంట్లకు వైరు కాయిళ్లు, స్విచ్చులు వేస్తారు. పదేళ్ల పైనుంచి వాళ్ల పుస్తకాలు నా చేతిలోనే ఉన్నాయి. వాళ్లు నన్ను మేడం అంటారు కానీ నేను విసుక్కుంటే మాత్రం అత్తగారిని చూసినట్టు పక్కకు తప్పుకుంటారు.

కిందటేడు మార్చిలో వాళ్లలో చిన్నాయన వేరు పడతానన్నాడు. కోకాపేటలో సొంత షాపుకు ఒక మడిగె అద్దెకు మాట్లాడుకున్నాడు. గొడవేం లేదు, నలభై దాటకముందే తన పేరుతో ఒక బోర్డు చూసుకోవాలని ఆశ. అడ్వాన్సూ, ర్యాకులూ అన్నీ కలిపి పన్నెండు లక్షలు కావాలి. మిగతా లెక్కలన్నీ అప్పటికే తేలిపోయాయి. తేలనిది ఒక్కటే, నానక్‌రామ్‌గూడ గోదాంలో ఏడాది చివర మిగిలిన సరుకు. అందులో సగం విలువే అతని చేతికొచ్చే డబ్బు. అది పన్నెండుకు తగ్గితే మడిగె లేదు, అంతే.

సరుకు లెక్క చూడ్డానికి చాలా సులువు. ఏడాది మొదట్లో వెయ్యి కాయిళ్లు ఉన్నాయి, ఒక్కోటి రెండు వేలకు కొన్నవి. మధ్యలో రాగి ధర పెరిగి ఇంకో వెయ్యి ఇరవై నాలుగు వందలకు కొన్నారు. చివర్లో ఇంకో వెయ్యి, ఇరవై ఎనిమిది వందలకు. మొత్తం డెబ్బై రెండు లక్షల సరుకు. రెండు వేల కాయిళ్లు అమ్ముడుపోయాయి, వెయ్యి మిగిలాయి. గోదాంలోకి వెళ్లి నేనే లెక్కపెట్టించాను, ఒక్కటి కూడా తేడా రాలేదు. తేడా అంతా ఆ వెయ్యికి ఏ ధర కట్టాలన్న దగ్గరే వచ్చింది.

చిన్నాయన ఎక్కడ విన్నాడో, ఫైఫో వెయ్యమన్నాడు. ముందొచ్చింది ముందు పోయినట్టు లెక్క. అప్పుడు పాత రెండు వేల కాయిళ్లూ పోయినట్టు, అమ్మిన సరుకు ఖరీదు నలభై నాలుగు లక్షలు. మిగిలినవన్నీ కొత్తవి, ఇరవై ఎనిమిది లక్షలు. అతని సగం పద్నాలుగు. మడిగెకు పోగా రెండు లక్షలు చేతిలో మిగులుతాయి.

పెద్దాయన లైఫో అన్నాడు. చివరొచ్చింది ముందు పోయినట్టు లెక్క. అమ్మిన సరుకు ఖరీదు యాభై రెండు లక్షలకు ఎక్కుతుంది, మిగిలింది ఇరవై లక్షలకు దిగుతుంది. చిన్నాయన సగం పది. గోదాంలో కొత్త డబ్బాలు పాతవాటి మీద పేరుస్తారు, కుర్రాళ్లు పైవే తీస్తారు, కాబట్టి మిగిలినవి పాతవే కదా అని ఆయన వాదన. చేత్తో ఏ డబ్బా తీశారన్నది వేరు, ఏ ధర ఖర్చులోకి వెళ్లిందన్నది వేరు అని నేను ఎంత చెప్పినా వింటేనా! అయితే ఆయన మాట పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. రెండు వేలకు కొన్నది మూడు వేలకు అమ్మితే నా పుస్తకం వెయ్యి లాభం అంటుంది. ఆ ఖాళీలో కొత్తది పెట్టాలంటే ఇరవై ఎనిమిది వందలు పెట్టాలి, మిగిలేది రెండు వందలే. రోజూ కొనేవాడికి ఆ బాధ తెలుసు, నాకు తెలియదు.

నేను మొదటి ఏడు నుంచీ వేస్తున్నది సగటు. మొత్తం ఖరీదును మొత్తం కాయిళ్లతో భాగిస్తే ఒక్కోటి ఇరవై నాలుగు వందలు. అమ్మినవి నలభై ఎనిమిది లక్షలు, మిగిలినవి ఇరవై నాలుగు. ఒకరు వెళ్లిపోతే పుస్తకాల్లో ఉన్న పద్ధతి ప్రకారమే సరుకు విలువ కట్టాలని వాళ్ల ఒప్పంద పత్రంలోనే ఉంది. పైగా లైఫోను మన దేశంలో అకౌంటింగ్ ప్రమాణాలూ ఒప్పుకోవు, ఆదాయపు పన్ను వాళ్లూ ఒప్పుకోరు. ఫైఫో ఒప్పుకుంటారు కానీ, అవసరం పడ్డ ఏడాది అటూ ఇటూ దూకడం కుదరదు. ఇదంతా విడివిడిగా ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపారు. మర్నాడు మళ్లీ మొదటికే వచ్చారు.

ఈలోపు వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు. అక్క, అంటే పెద్దాయన భార్య, ఫోన్ చేసి లైఫో ఎందుకు కుదరదని, చెల్లెలు ఫోన్ చేసి ఫైఫో ఎందుకు కుదరదని. ఒకే ఇంట్లో పైనొకరు కిందొకరు ఉండేవాళ్లు, మాటలు మానేశారట. నాకు ఒళ్లు మండిపోయింది. మీ ఇంటి పంచాయితీకి నా తల ఎందుకు తింటారండీ అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక దిగులేసింది. ఆ చెల్లెలు నా పుట్టినరోజుకు ప్రతి ఏడూ సకినాలు తెచ్చే మనిషి.

చివరికి ఇద్దరినీ షాపులో కూర్చోబెట్టాను. మూడు లెక్కలూ ఒక కాగితం మీద పెట్టి, నేను సంతకం చేసేది సగటు మీదే అన్నాను. పెద్దాయన కాగితం వెనక్కి తోసి, మిగిలినవి పాత కాయిళ్లే, రెండు వేలవే అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఇంత మొండికెయ్యడం నాకు వింతగానే ఉంది.

చిన్నాయన ఆ కాగితం తన ముందుకు లాక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"సరే అన్నా. రెండు వేలవే అయితే నీ సగం గూడ నాకే ఇయ్యి. వెయ్యికి వెయ్యి నేనే తీస్కుంట. నీ పది లక్షలు అప్పో సప్పో చేసి రేపు తెచ్చిస్త."

పెద్దాయన "గా రేటుకు ఎవడిస్తడు?" అనేశాడు.

నాకు నవ్వొచ్చింది. గెలిచాడులే కుర్రవాడు అనుకున్నాను. కానీ చిన్నాయన నవ్వలేదు. "మరి నాకెందుకు కడుతున్నవన్నా ఆ రేటు?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

పెద్దాయన టేబుల్ మీది టెస్టర్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పది లక్షలైతే ఆగుతవనుకున్న తమ్మీ," అన్నాడు. "పైసలు చాలకుంటే మడిగె వద్దంటవ్, ఇగ ఈడనే ఉంటవ్ అనుకున్న. నాకు పైసల ఫికర్ లేదు. ఈ భుజం పైకి లేస్తలేదు, నీకెర్కే గదా. పొద్దుగాల షట్టర్ ఎవరు లేపాలె?"

లెక్కలు రాసేదాన్ని, ఇన్నేళ్లుగా ఆయన ముందే కూర్చున్నదాన్ని, నాకు ఈ ముక్క తట్టనే లేదు. మనసులో ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. లేచి టీ చెప్పే వంకతో బయటికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పెద్దాయన సగటు లెక్క మీద సంతకం పెట్టేసి ఉన్నాడు. ఇరవై నాలుగు లక్షలు, చెరి పన్నెండు. చిన్నాయన కూడా పెట్టి, "కోకాపేట ఏమంత దూరమన్నా?" అన్నాడు. ముగ్గురం టీ తాగాం.

చిన్నాయన బోర్డు పెట్టుకుని ఏడాది దాటింది. పొద్దున్నే ముందు కొండాపూర్ వస్తాడు, మా షట్టర్ ఎత్తుతాడు, పెద్దాయన కుర్చీలో కూర్చున్నాక కోకాపేట పోయి తన షట్టర్ ఎత్తుకుంటాడు.