మేస్త్రీ దాచిన పగుళ్లు

కుప్పంలో గంగులయ్య మేస్త్రీకి ఒకటే జబ్బు, పరువు. ఊళ్లో ఎవరి గోడ పగిలినా ఎగతాళి చేసేవాడు. పక్కింటి ఎల్లమ్మ గోడనైతే రోజూ చూసి నవ్వేవాడు. తన ఇల్లూ పాతికేళ్ల కిందట పూడ్చిన కుంట మీద రాళ్లను మట్టి అడుసుతో పేర్చి కట్టిందే. పడమటి మూలన బెత్తెడు పొడవు పగుళ్లు ఉన్నాయి, కానీ ఆ సంగతి ఆయనకూ భార్య ఆదిలక్ష్మికీ తప్ప ఎవరికీ తెలియదు.

రెండువేల నాలుగులో రైలు పట్టాల మీద వంతెన పని మొదలైంది. పునాదికి పైళ్లు, అంటే పొడవాటి కాంక్రీటు స్తంభాలు, నేలలోకి దిగ్గొట్టే ముందు చుట్టుపక్కల ఇళ్లు చూసి రాసుకోవడానికి రాజగోపాల్ అనే ఇంజనీరు వస్తాడని కబురొచ్చింది. ముందురోజే గంగులయ్య పగుళ్లలో సున్నం కూరి, గోడంతా వెల్ల వేశాడు.

“ఉండేది ఉన్నట్టు సూపిస్తే ఏం పోతాది?” అంది ఆదిలక్ష్మి.

“మేస్త్రీ ఇంటికి పగుళ్లంటే నవ్వరా?” అన్నాడు.

రాజగోపాల్ గోడ తట్టి, “ఏంతో కట్టినారప్పా?” అని అడిగాడు. “సున్నంతోనే సార్, రాయిలాగా ఉండాది,” అన్నాడు గంగులయ్య. ఆ మాట కాగితం మీదికెక్కింది. పైళ్లు కొట్టేటప్పుడు గోడ పక్కన నేల అదిరే వేగానికి ఆయన ఇంటి దగ్గర సెకనుకు ఐదు మిల్లీమీటర్లు హద్దు పెట్టారు. పగిలిన ఎల్లమ్మ ఇంటికి మూడే. దాంతో ఆమె వైపు పైళ్లను దిగ్గొట్టకుండా, బోరు వేసి ఆ గుంతలో కాంక్రీటు పోశారు.

ఇటువైపు పైళ్లు కొట్టే సుత్తి నెలరోజులు పడింది. అదురు కొలిచే మీటరు ఒక్కసారీ నాలుగు దాటలేదు. ఇల్లు మాత్రం పడమటి మూలన అంగుళం కుంగింది. సున్నం పొరలు రాలి పాత పగుళ్లు బయటపడ్డాయి, వాటి పక్కనే చెయ్యి దూరేంత కొత్తవి. వంటగది గోడ బయటికి ఒరిగింది.

రాజగోపాల్ వచ్చి పగుళ్లలోంచి రాలిన మట్టి చూశాడు, కింద కుంట ఉండేదని ఆదిలక్ష్మిని అడిగి తెలుసుకున్నాడు. “గింజలు పోసిన శేరును కుదిపితే అవి కిందికి దిగతాయి గదప్పా, పూడ్చిన వదులు మట్టీ అంతే. గోడ పగలకుండా పెట్టిన హద్దులో ఉన్నా కుంగతాది. కుంట అనీ, మట్టి గోడ అనీ ముందే తెలిసుంటే ఈడా బోరే వేసుందుము. మేమూ గోడ తవ్వి చూసుండాల్సింది,” అన్నాడు.

“నేనే దాచినాను సామీ,” అన్నాడు గంగులయ్య.

ఇంట్లో ఉండకూడదని రాసిచ్చారు. ఆదిలక్ష్మి పొయ్యి ఆర్పి, గిన్నెలు సర్దుకుంది. ఆమె తిట్టి ఉంటే గంగులయ్యకు బాగుండేది. ఎల్లమ్మ వచ్చి, నవ్వకుండా, “మా ఇంట్లో ఉండండి అక్కా,” అని ఆమె చెయ్యి పట్టుకుంది.

కూల్చడానికి కూలీలను పిలుస్తామంటే గంగులయ్య ఒప్పుకోలేదు. మొదటి గునపం పోటు తానే వేశాడు. రాళ్ల మధ్య నుంచి పొడి మట్టి జలజలా రాలుతుంటే, వీధిలో జనమంతా చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాడు.